అద్దెకున్నవాళ్ల ఇంట్లోకి బ్యాంకు వాల్యూయర్ రావాలంటే: తేదీలు కుదుర్చుకోవడం నుంచి విజిట్ పూర్తయ్యేదాకా

ఇంటి మీద లోను కోసం కాగితాలు బ్యాంకులో ఇచ్చిన కొన్నాళ్లకు, బ్యాంకు తరఫున ఇంటి విలువ కట్టే వాల్యూయర్ నుంచి ఒక ఫోన్ వస్తుంది. "సార్, వాల్యుయేషన్‌కి రేపు పదింటికి వస్తున్నాం, ఇల్లు తెరిచే ఉంటుందిగా?" ఓనర్ సరేనంటారు. ఆ తర్వాత అద్దెకున్నవాళ్లకు ఫోన్ చేసి, "రేపు బ్యాంకు వాళ్లు వస్తారు, కాస్త చూపించండి" అంటారు. ఈ వరసే తప్పు. రేపు ఆ ఇంట్లో ఎవరికి డ్యూటీ ఉందో, ఎవరు పడుకుని ఉంటారో అడగకుండానే వాల్యూయర్‌కి మాటిచ్చేశారు. ఇక అద్దెకున్నవాళ్లకు మిగిలేవి రెండే: తల వంచి ఒప్పుకోవడం, లేదా కాదని మీ లోనుకు అడ్డం పడ్డవాళ్లుగా మిగలడం. రెంటిలో ఏది జరిగినా తర్వాత మాటలు బిగుసుకుంటాయి.

వరస తిప్పితే పని సులువవుతుంది. ముందు బ్యాంకు నుంచి గడువు తెలుసుకోవాలి. తర్వాత అద్దెకున్నవాళ్ల దగ్గర వీలైన వేళలు తీసుకోవాలి. ఆ వేళల్లోంచే ఒకటి ఎంచుకోమని వాల్యూయర్‌ని అడగాలి. వాల్యూయర్లు ఒక్కో రోజు ఒక్కో వైపు తిరుగుతారు కాబట్టి మూడు నాలుగు వేళలు చూపిస్తే ఏదో ఒకటి వాళ్ల రూటులో పడుతుంది. ఒక్కటే చూపిస్తే పడకపోవచ్చు.

ముందు బ్యాంకును అడగాల్సినవి

అద్దెకున్నవాళ్లకు ఫోన్ చేసే ముందు బ్యాంకులో మీ ఫైలు చూస్తున్నవారిని నాలుగు సంగతులు అడగండి. వాల్యుయేషన్ రిపోర్టు ఏ తేదీలోపు చేరాలి? వచ్చేది ఒక వాల్యూయరా, ఇద్దరా? పెద్ద మొత్తాలకు కొన్ని బ్యాంకులు రెండో వాల్యుయేషన్ కూడా అడుగుతాయి. బ్యాంకు అధికారి విడిగా వచ్చి చూస్తారా? చూస్తారంటే ఇద్దరూ ఒకే రోజు రాగలరా అని అక్కడే అడిగేయండి. చివరగా, అద్దెకున్నవాళ్ల నుంచి ఏదైనా ఉత్తరం, సంతకం కావాలా?

ఈ ఆఖరి ప్రశ్న చాలామంది అడగరు. ఇంట్లో ఎవరుంటున్నారో, ఏ హక్కుతో ఉంటున్నారో బ్యాంకుకు తెలియాలి. రేపు లోను మొండిబకాయి పడితే ఆ ఇల్లు అమ్మాల్సింది బ్యాంకే. అందుకే కొన్ని బ్యాంకులు అద్దె అగ్రిమెంట్ కాపీతో సరిపెట్టుకుంటాయి, కొన్ని అద్దెకున్నవాళ్ల రాతపూర్వక ధ్రువీకరణ అడుగుతాయి. అలాంటి కాగితం విజిట్ రోజున గుమ్మంలో చేతికిచ్చి సంతకం పెట్టమంటే ఎవరైనా వెనక్కి తగ్గుతారు. కాగితం ఉందని తెలిస్తే దాని కాపీ కొన్ని రోజుల ముందే పంపి, చదువుకునే వ్యవధి ఇవ్వండి. చూపించుకోవాలనుకుంటే ఎవరికైనా చూపించుకోనివ్వండి.

అద్దె అగ్రిమెంట్ కూడా ఒకసారి తీసి చూసుకోండి. గడువు దాటిపోయిందా? ఇప్పుడు తీసుకుంటున్న అద్దె, అందులో రాసిన అద్దె ఒకటేనా? ఓనరు ఇల్లు చూడ్డానికి రావాలంటే ఎంత ముందు చెప్పాలని ఉంది? అగ్రిమెంట్‌లో ఒక షరతు, మీ ప్రాంతపు చట్టంలో ఒక షరతు ఉంటే అద్దెకున్నవాళ్లకు ఎక్కువ వ్యవధి ఇచ్చేదాన్నే పాటించండి. ఇల్లు మీదే అయినా, అద్దెకిచ్చాక అందులో ప్రశాంతంగా ఉండే హక్కు వాళ్లది.

గడువు నుంచి వెనక్కి లెక్క

వీలు చూసి చెప్పండి అంటే సరిపోదు. ఎప్పటినుంచి ఎప్పటిదాకా అన్నది మీకే తెలియకపోతే అవతలివాళ్లు వీలు ఎలా చూస్తారు? ఒక లెక్క వేసి చూద్దాం.

రిపోర్టు 24వ తేదీ, బుధవారంలోపు కావాలని బ్యాంకు చెప్పింది. విజిట్ అయ్యాక రిపోర్టు రాయడానికి తనకు మూడు పనిరోజులు పడుతుందని వాల్యూయర్ అన్నారు. 18వ తేదీ గురువారం ఇల్లు చూస్తే శుక్రవారం, సోమవారం, మంగళవారం రాసి 23న ఇవ్వగలరు. ఒక్కరోజు చేతిలో ఉంటుంది. కాబట్టి ఇల్లు చూడ్డానికి ఆఖరి రోజు 18. కానీ ఆ రోజునే నమ్ముకోకూడదు. వాల్యూయర్‌కి ముందు చోట ఆలస్యమై రాలేకపోవచ్చు, ఇంట్లో ఎవరికో జ్వరం రావచ్చు. అందుకే 12 నుంచి 16 దాకా విజిట్‌కి, 17, 18 తప్పిపోతే వాడుకోవడానికి అనుకోవాలి. అద్దెకున్నవాళ్లను అడగాల్సింది 8వ తేదీ, సోమవారం. అంటే మొదటి వేళకు నాలుగు రోజుల ముందు.

ఈ లెక్కంతా వాళ్లకూ చెప్పండి. 18 దాకా సమయముందని దాచి, "13లోపు అయిపోవాలి" అని తొందరపెట్టే ఓనర్లుంటారు. తర్వాత వాల్యూయరే వాయిదా వేసి 17న వస్తానంటే ఆ మాట అబద్ధమని తేలిపోతుంది. ఇక మీరు నిజంగా తొందరపడాల్సి వచ్చినప్పుడు ఎవరూ నమ్మరు.

అడిగే మాట

ముందు ఫోన్, వెంటనే మెసేజ్. ఫోన్‌లో విషయం మెత్తగా వెళ్తుంది, అనుమానాలు అప్పటికప్పుడు తీరతాయి. మెసేజ్‌లో తేదీలు నిలుస్తాయి, ఇంట్లో మిగతావాళ్లకు చూపించుకోవడానికీ పనికొస్తుంది. నలుగురు కలిసి ఉంటున్న ఇల్లయితే నలుగురికీ పంపండి. ఒకరు ఒప్పుకున్నారు కదా అనుకుంటే, ఇంకొకరి గదికి ఆ రోజు తాళం ఉంటుంది.

బ్యాంకు, వాల్యుయేషన్ అనగానే అద్దెకున్నవాళ్ల మనసులో మెదిలే ప్రశ్న ఒకటే: ఇల్లు అమ్మేస్తున్నారా, మమ్మల్ని ఖాళీ చేయిస్తారా? వాళ్లు పైకి అనకపోయినా అక్కడే ఆగిపోతారు. మీరు ఆ ప్రశ్నకు జవాబిచ్చాకే తేదీల మాట ఎత్తండి. అయితే నిజమే చెప్పండి. అమ్మే ఆలోచన ఉంటే లేదనకండి. "ఈ విజిట్ లోను కోసం మాత్రమే" అన్నది నిజమైనంతవరకే అనండి.

మెసేజ్ ఇలా ఉండొచ్చు:

"నమస్తే అండీ. ఇందాక ఫోన్‌లో అనుకున్న విషయమే. ఇంటి మీద లోను తీసుకుంటున్నాను. దానికోసం బ్యాంకు వాల్యూయర్ ఒకసారి ఇల్లు లోపల చూసి, కొలతలు, ఫొటోలు తీసుకోవాలి. ఇల్లు అమ్మడం లేదు. మీ అగ్రిమెంట్, అద్దె, అడ్వాన్స్ దేంట్లోనూ మార్పు లేదు. సుమారు అరగంట, ఎక్కువంటే ముప్పావుగంట పడుతుంది. 12 శుక్రవారం నుంచి 16 మంగళవారం లోపు మీకు ఇబ్బంది లేని వేళలు రెండు మూడు చెప్పండి. ఉదయమైనా సాయంత్రమైనా, సెలవు రోజైనా పర్వాలేదు. ఈ తేదీలు కుదరకపోతే 17, 18 కూడా ఉన్నాయి. ఎల్లుండి బుధవారం సాయంత్రంలోపు చెబితే వాల్యూయర్‌తో మాట్లాడి ఖాయం చేస్తాను. మీరు సరే అనేదాకా ఎవరినీ పంపను. మీ నంబరు కూడా మిమ్మల్ని అడగకుండా వాళ్లకివ్వను."

ఇందులో రెండు మాటలు చిన్నవిగా కనిపిస్తాయి కానీ బాగా పనిచేస్తాయి. ఒకటి, రెండు మూడు వేళలు చెప్పమనడం. ఎప్పుడు కుదురుతుందని అడిగితే ఎప్పుడైనా పర్లేదనో, చూసి చెప్తామనో వస్తుంది. రెండూ పనికిరావు. రెండోది, ఎప్పటిలోపు జవాబు కావాలో చెప్పడం. అది లేకపోతే మీరు మళ్లీ మళ్లీ గుర్తు చేయాలి, అదొక ఒత్తిడిలా కనిపిస్తుంది.

ఫోన్ నంబరు సంగతి తేలిగ్గా తీసుకోకండి. లోను ఫారంలో "ఇంటి దగ్గర సంప్రదించాల్సిన నంబరు" అన్నచోట చాలామంది అడగకుండానే అద్దెకున్నవాళ్ల నంబరు రాసేస్తారు. అప్పుడు మీరు విషయం చెప్పక ముందే వాల్యూయర్ నేరుగా వాళ్లకు ఫోన్ చేసి, "మీ వీధి చివర ఉన్నాను, పది నిమిషాల్లో వస్తా" అంటారు. ఫారంలో మీ నంబరే ఇవ్వండి. ఆ రాసేచోటే, "ఇంట్లో అద్దెకున్నారు, ముందు నాకు ఫోన్ చేయాలి" అని రాయించండి.

జవాబు వచ్చాక

పైన అనుకున్న లెక్కనే ముందుకు తీసుకెళదాం. ఇంట్లో భార్యాభర్తలు, ఒక స్కూలు పిల్ల. ఆవిడకు రాత్రి డ్యూటీ, పనిరోజుల్లో మధ్యాహ్నం రెండింటిదాకా నిద్ర. శనివారం పిల్లకు పరీక్ష. బుధవారం వాళ్ల జవాబు: "శుక్రవారం ఊళ్లో ఉండం. సోమ, మంగళవారాల్లో నాలుగు నుంచి ఆరు మధ్య అయితే పర్లేదు. ఆదివారం పదకొండు తర్వాత కూడా కుదురుతుంది."

ఈ మూడు వేళలూ ఉన్నవి ఉన్నట్టు వాల్యూయర్‌కి పంపాలి. ఆయన మంగళవారం అటువైపే వస్తున్నానంటే, "ఎన్నింటికి?" అని ఆగకుండా, ఒక గంట నిడివికి కుదించండి. ఆ తర్వాత అద్దెకున్నవాళ్లకు ఇలా మెసేజ్ పెట్టండి: "16 మంగళవారం, నాలుగున్నర నుంచి అయిదున్నర మధ్య వస్తారు. బయల్దేరేముందు నాకు ఫోన్ చేస్తారు, నేను వెంటనే మీకు చెప్తాను. అయిదున్నర దాటితే ఆ రోజు వద్దంటాను, మళ్లీ మీరు చెప్పిన వేళకే పెట్టిస్తాను." ఈ ఆఖరి వాక్యం రాయడానికి ఓనర్లు జంకుతారు, వాల్యూయర్ చేజారతారేమోనని. కానీ రాత్రి డ్యూటీకి బయల్దేరాల్సిన మనిషిని ఏడింటిదాకా గుమ్మం దగ్గర కూర్చోబెడితే, రెండో విజిట్ అవసరమైనప్పుడు తలుపు తెరుచుకోదు. 17, 18 చేతిలో ఉంచుకున్నది ఇందుకే.

అదే మెసేజ్‌లో వచ్చేవారి పేరు, ఎందరు వస్తారో, గుర్తింపు కార్డు చూపిస్తారన్న మాట చేర్చండి. ఖర్చు ఏదైనా మీదేనని, వాల్యూయర్‌కి వాళ్లు డబ్బు గానీ, ఓటీపీ గానీ, తమ గుర్తింపు కార్డు కాపీలు గానీ ఇవ్వక్కర్లేదని రాయండి. గేటు దగ్గర సెక్యూరిటీ ఉంటే ఎంట్రీ మీరే చెప్పించండి.

లోపల ఏం జరుగుతుంది

అరగంటసేపు తమ ఇంట్లో కొత్త మనిషి ఏం చేస్తారో ముందే తెలిస్తే సగం బెరుకు పోతుంది. వాల్యూయర్ చూసేది కట్టడాన్ని. ఇంట్లోని సామాన్లకు, వాళ్లు ఎలా ఉంటున్నారన్నదానికి విలువతో పని లేదు. గది గదికీ పొడవు, వెడల్పు కొలుస్తారు. దగ్గరున్న ప్లానుతో పోల్చుకుంటారు: గోడ ఎక్కడైనా తీసేశారా, బాల్కనీ మూసి గదిగా మార్చారా, వంటిల్లు జరిగిందా. నేల, తలుపులు, కిటికీలు, బాత్రూం అమరికలు ఏ రకమో, ఎంత పాతబడ్డాయో రాసుకుంటారు. సీలింగు మీద చెమ్మ మరక, గోడలో పగులు కనిపిస్తే అది కూడా. బయట ఇంటి ముందుభాగం, డోర్ నంబరు, దారి, చుట్టుపక్కల ఏమున్నాయో ఫొటో తీస్తారు.

కొలతల దగ్గర ఒక చిన్న విషయం తేడా తెస్తుంది. ఎక్కువమంది ఇప్పుడు లేజర్ మీటర్ వాడతారు. దాన్ని ఒక గోడకు ఆనించి బటన్ నొక్కితే ఎదుటి గోడ మీద ఎర్ర చుక్క పడుతుంది, దూరం అంకెల్లో కనిపిస్తుంది. ఆ చుక్క గోడ మీద కాక బీరువా తలుపు మీద పడితే అది బీరువా దాకా ఉన్న దూరమే చూపిస్తుంది. బీరువా లోతు రెండడుగులైతే పన్నెండడుగుల గది పదిగా తేలుతుంది. అనుభవమున్న వాల్యూయర్ బీరువా పైనుంచో, పక్కసందులోంచో గోడ చూసుకుంటారు. అందుకు ప్రతి గదిలో ఎదురెదురు గోడలు ఒక్కచోటైనా నేరుగా కనబడాలి. కాబట్టి అద్దెకున్నవాళ్లను ఇల్లు సర్దమని అడగక్కర్లేదు. తాళం వేసిన గది ఉంటే ఆ అరగంట తీయమని, గోడకు ఆనించిన అట్టపెట్టెలు ఒక మూలకు జరపమని అడిగితే చాలు. తెరవని గదిని వాల్యూయర్ చూడలేదనే రాస్తారు. దాంతో బ్యాంకు మళ్లీ విజిట్ అడగొచ్చు.

ఫొటోల గురించి విడిగా చెప్పండి. గదులు ఫొటో తీస్తారు, ఆ ఫొటోలు రిపోర్టుతో బ్యాంకుకు వెళ్తాయి. మనుషులు, పిల్లలు, పూజగది, గోడ మీద కుటుంబం ఫొటోలు, బల్లమీది కాగితాలు అందులో పడకుండా చూడమని మీరే వాల్యూయర్‌ని ముందుగా కోరండి. కొందరు ఇల్లు చూపించినవారితో కలిపి ఒక ఫొటో తీసుకుంటారు. అది అవసరమైతే మీరు నిలబడండి. అద్దెకున్నవాళ్లను నిలబెట్టకండి.

"ఎవరుంటున్నారు?" అన్న ప్రశ్న

వాల్యూయర్ అడుగుతారు: మీరు ఓనరా, అద్దెకా? ఎన్నాళ్లనుంచి? అద్దె ఎంత? రిపోర్టులో ఇంట్లో ఎవరుంటున్నారో రాసే చోటుంటుంది, దానికోసమే. ఇక్కడ కొందరు ఓనర్లు చేసే పని లోనుకే ఎసరు పెడుతుంది. "మా చుట్టాలమని చెప్పండి" అంటారు. అద్దెకున్నవాళ్లు మీకోసం అబద్ధమాడాల్సిన అవసరం లేదు. ఆడినా నిలవదు. మీటరు బిల్లు మీద పేరు, ఎదురింటివాళ్ల మాట, పిల్ల నోటివెంట వచ్చే "ఓనర్ అంకుల్" అన్న పిలుపు, ఏదో ఒకటి బయటపెడుతుంది. ఫైలులో సొంతంగా ఉంటున్నట్టు, రిపోర్టులో అద్దెకున్నట్టు పడితే బ్యాంకు మీరిచ్చిన మిగతా కాగితాలను కూడా అనుమానంగా చూస్తుంది.

చేయాల్సింది తేలిక. బ్యాంకుకు మీరేం చెప్పారో అద్దెకున్నవాళ్లకు ముందే చెప్పండి: ఏ నెలనుంచి ఉంటున్నట్టు రాశారు, అద్దె, అడ్వాన్స్ ఎంతని రాశారు. అంకె తేడాగా ఉందని వాళ్లంటే విజిట్‌కి ముందే బ్యాంకులో సరిచేయించండి. జవాబు చెప్పడం వాళ్లకిష్టం లేకపోతే, "ఆ వివరాలు ఓనరు గారిని అడగండి" అంటే చాలని కూడా చెప్పండి.

కాదన్నప్పుడు

కాదంటే దేనికి కాదంటున్నారో కనుక్కోండి. వేళ కుదరకపోవడం, ఫొటోలంటే ఇష్టం లేకపోవడం, ఖాళీ చేయిస్తారన్న భయం, మీమీద పాత కోపం, వీటిలో దేనికి మందు దానికే. వేళే సమస్యయితే, వాళ్ల తరఫున నమ్మకమైన మనిషి ఎవరైనా ఉండొచ్చేమో అడగండి. లేదా మీ దగ్గరున్న తాళంతో తెరవడానికి ఒప్పుకుంటారేమో అడగండి. ఒప్పుకుంటే ఆ మాట మెసేజ్‌లో రావాలి, ఆ రోజు మీరు వాల్యూయర్ పక్కనే ఉండాలి. ఒప్పుకోకపోతే ఆ తాళం ముట్టుకోకూడదు. ఇంట్లో ఎవరూ లేనప్పుడు తెరిచారని తెలిస్తే రేపు ఏ వస్తువు కనబడకపోయినా మాట మీమీదికి వస్తుంది, అగ్రిమెంట్ ఉల్లంఘన కింద ఫిర్యాదూ రావచ్చు. విజిట్ కోసం ఎవరైనా సగం రోజు జీతం పోగొట్టుకోవాల్సి వస్తే, అది అద్దెలో తగ్గిస్తానని మీరే అనండి.

పాత కోపం చాలావరకు రిపేరు దగ్గర ఉంటుంది. ఆరు నెలలుగా బాత్రూం పైపు కారుతోందని చెబుతున్నా పట్టించుకోని ఓనరు, తన పని పడగానే మర్యాదగా ఫోన్ చేస్తే ఎవరికైనా మండుతుంది. అక్కడ మెసేజ్ ఎంత చక్కగా రాసినా లాభం లేదు. ముందు ప్లంబర్‌ని పంపండి. ఆ కారుతున్న చోటే వాల్యూయర్ చెమ్మ అని రాసుకునే చోటు కూడా.

లోపలికి రావడానికి ససేమిరా అంటే, బయటినుంచి చూసి రిపోర్టు ఇచ్చే వీలుందా అని బ్యాంకును అడగండి. కొన్ని లోన్లకు కుదరొచ్చు, కానీ లోపలి స్థితి తెలియదు కాబట్టి వాల్యూయర్ విలువ జాగ్రత్తగా, తక్కువగా వేయొచ్చు. అదీ కుదరకపోతే గడువు పొడిగించమని బ్యాంకునే అడగాలి. నీళ్లు ఆపేయడం, అద్దె పెంచుతాననడం, చెప్పకుండా వాల్యూయర్‌ని గుమ్మం ముందు నిలబెట్టడం వంటివి మాత్రం చేయకండి. కొన్నిచోట్ల ఇవి చట్టరీత్యా మీకే చిక్కు తెస్తాయి.

విజిట్ రోజు, ఆ తర్వాత

ముందురోజు సాయంత్రం ఒక మెసేజ్: "రేపు నాలుగున్నర, అయిదున్నర మధ్య. మీకు ఏమైనా మారిందా?" మారిందంటే వాయిదాకు ఇంకా వ్యవధి ఉంటుంది. ఆ రోజు మీరు వెళ్లగలిగితే వెళ్లండి. వెళ్లినా మీ పని వాల్యూయర్‌తోనే. అద్దెకున్నవాళ్ల అల్మరాలు తెరిచి చూపడం, "ఈ గోడకు మేకులు ఎందుకు కొట్టారు" అని అడగడం ఆ రోజు పని కాదు. ఇంటి తనిఖీ చేయాలనుకుంటే దానికి విడిగా అడగండి.

వాల్యూయర్ బయటికి వచ్చేముందే ఒక మాట అడగండి: అన్ని గదులూ చూశారా, ఏదైనా కొలత మిగిలిందా? ఇంకా లోపల ఉండగానే తేలితే రెండు నిమిషాల పని. రిపోర్టు రాసేటప్పుడు తేలితే మళ్లీ ఇంకో రోజు కావాలి. జవాబు తెలియగానే అద్దెకున్నవాళ్లకు చెప్పండి: "అంతా చూశారట అండీ, 19న రిపోర్టు ఇస్తామన్నారు. బ్యాంకు ఏదైనా మళ్లీ అడిగితే మీకు ముందే చెప్పి, మీకు వీలైన వేళే పెట్టిస్తాను." రిపోర్టు చేరాక, ఇక ఎవరూ రారని ఇంకో మెసేజ్ పెట్టండి. అది రాకపోతే ఆ తర్వాత కొన్ని వారాలదాకా తెలియని నంబరు నుంచి ఫోన్ వచ్చిన ప్రతిసారీ బ్యాంకు వాళ్లేమో అనుకుంటారు.